సీటు వెళ్లిపోతోంది, హ్యాండిల్ అక్కడే ఉంటోంది: కాళ్ల బలం మధ్యలో ఎక్కడ పోతోంది?

వంశీ_కె
నేను రోయింగ్ మెషీన్, అదే ఎర్గ్ మీదే చేస్తున్నాను, పడవ ఇంకా ఎక్కలేదు. నిమిషానికి 20 స్ట్రోకుల రేటులో ఎంత గట్టిగా తన్నినా 500 మీటర్లకు 2:13 దగ్గరే ఆగిపోతోంది. స్క్వాట్లు బాగానే చేస్తాను కాబట్టి కాళ్లలో బలం లేదని మాత్రం అనుకోను. పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీసి చూస్తే, స్ట్రోక్ మొదలయ్యే చోట, అంటే క్యాచ్ దగ్గర తన్నడం మొదలవగానే సీటు వెనక్కి జరుగుతోంది గానీ హ్యాండిల్ దాదాపు ఉన్నచోటే ఉంటోంది. అనుమానం తీరక రైలు మీద 5 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున రంగు టేపు అంటించి, వెనక గోడ మీద కూడా అలాగే గుర్తులు పెట్టి కొలిచాను. సీటు 15 సెంటీమీటర్లు వచ్చేసరికి హ్యాండిల్ 5 మాత్రమే వచ్చింది. మానిటర్‌లో లాగుడు బలాన్ని చూపించే ఫోర్స్ కర్వ్ కూడా ఒకే గుట్టగా రావట్లేదు, మధ్యలో పల్లం పడి రెండు గుట్టలు కనిపిస్తున్నాయి.

కాళ్లు, నడుము, చేతులు అన్న వరుస అందరూ చెప్పేదే, నాకూ తెలుసు. నాకు అర్థం కానిది వేరే. నేను తన్నేది పాదాలతో, కదలాల్సింది చేతిలో ఉన్న హ్యాండిల్. ఆ రెంటి మధ్య ఆ బలం ఎలా ప్రయాణిస్తుంది, నా దగ్గర ఎక్కడ తెగుతోంది?

జయంత్77
సీటు రోలర్లు, రైలు శుభ్రంగా తుడిచావా? నా మెషీన్‌లో రైలు మీద మురికి పేరుకుని సీటు ఒకచోట ఆగి ఒకచోట జారేది. పొడిగుడ్డతో తుడిస్తే సరిపోయింది. ముందు అది చూడు.

వంశీ_కె
సీటు నున్నగానే జరుగుతోందండి, అది సమస్య కాదు. సీటుతో పాటు హ్యాండిల్ రావట్లేదు, అదీ నేను అడిగేది.

నాని_లిఫ్ట్స్
బ్రో ఇది సింపుల్. రోయింగ్ అంటే పడుకోబెట్టిన డెడ్‌లిఫ్ట్. కాళ్లు 60 శాతం, నడుము 20, చేతులు 20. కాళ్లు పూర్తిగా చాపేదాకా నడుము కదలకూడదు, నడుము పూర్తిగా తెరుచుకునేదాకా చేతులు మడవకూడదు. మూడు మెట్లు, ఒకటయ్యాక ఒకటి. నీ తన్నుకి మెషీన్ చాలట్లేదు, అందుకే సీటు ఎగిరిపోతోంది. చక్రానికి గాలి ఎదురు పెంచే డ్యాంపర్ 10కి పెట్టు, బరువు తగులుతుంది, జారడం ఆగిపోతుంది.

సరళ_తెడ్డు
వంశీ గారూ, మీ టేపు కొలతలోనే జవాబు సగం ఉంది. నేను కొత్తవాళ్లకు పడవలోనూ ఎర్గ్ మీదా నేర్పిస్తుంటాను. వాళ్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

హ్యాండిల్ వేగం అంటే మూడు వేగాల మొత్తం అనుకోండి. పాదాల నుంచి సీటు ఎంత వేగంగా దూరమవుతోంది, సీటు నుంచి భుజాలు ఎంత వేగంగా దూరమవుతున్నాయి, భుజాల దగ్గరికి హ్యాండిల్ ఎంత వేగంగా వస్తోంది. మొదటిది కాళ్లు ఇచ్చేది, రెండోది మొండెం, మూడోది చేతులు. ఈ మూడూ కూడితే హ్యాండిల్ వేగం. బలం మాత్రం అలా కూడదు. హ్యాండిల్‌ను 60 కిలోల బలంతో లాగుతుంటే ఆ 60 కిలోలూ చేతుల గుండా, భుజాల గుండా, వెన్ను గుండా, తుంటి గుండా, మోకాళ్ల గుండా పాదాల దాకా పోవాలి. ప్రతి కీలూ అదే బలాన్ని మోయాలి. ఒంటి బరువును కదిలించడానికి కాళ్లకు ఇంకాస్త ఎక్కువ పడుతుంది, ప్రస్తుతానికి దాన్ని పక్కన పెడదాం. అంటే వరుసలో ఏ ఒక్క కీలు ఆ బలాన్ని మోయలేకపోయినా కాళ్లు ఎంత తన్నినా హ్యాండిల్‌కు అందదు. వదులుగా ఉన్న తాడుతో బండిని లాగితే ముందు తాడు బిగుసుకునేదాకా బండి కదలదు కదా, మీ స్ట్రోక్‌లో మొదటి 10 సెంటీమీటర్లు అలా పోతున్నాయి.

మీ లెక్కలో సీటు 15 వచ్చింది, హ్యాండిల్ 5 వచ్చింది. చేతులు నిటారుగా ఉండి, మొండెం వంపు మారకుండా ఉంటే సీటు ఎంత జరిగితే హ్యాండిల్ అంతే జరగాలి, వేరే దారి లేదు. తేడా 10 సెంటీమీటర్లు ఎక్కడో మింగబడింది. తుంటి వెనక్కి పోయి భుజాలు అక్కడే ఉండిపోయాయంటే మొండెం ఇంకా ముందుకు వాలిందన్నమాట. తుంటి నుంచి భుజం దాకా అర మీటరు అనుకుంటే, ఆ 10 సెంటీమీటర్లు సుమారు 13 డిగ్రీల అదనపు వంపు. మొత్తం తుంటి దగ్గరే వంగి ఉండకపోవచ్చు, కొంత నడుము గుండ్రంగా అయి ఉంటుంది, కొంత భుజాలు సాగి ఉంటాయి. వీడియోలో ఈ మూడింట్లో ఏది ఎక్కువో చూడండి.

నాని_లిఫ్ట్స్
అదే కదా నేను చెప్పింది, కాళ్లు ముందు. మరి నడుము కదలకుండా పెట్టాలంటే బరువు కావాలి. డ్యాంపర్ పెంచమన్నది అందుకే.

సరళ_తెడ్డు
నాని గారూ, కాళ్లు ముందు అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. డ్యాంపర్ సంగతి మాత్రం తిరగబడుతుంది. డ్యాంపర్ పెంచితే రెండు స్ట్రోకుల మధ్య చక్రం ఎక్కువగా నెమ్మదిస్తుంది, కాబట్టి క్యాచ్ దగ్గర హ్యాండిల్ బరువుగా తగులుతుంది. అప్పుడు తుంటి మీద పడే మెలిక బలం ఇంకా పెరుగుతుంది. ఇప్పటికే మోయలేక వంగిపోతున్న చోట మరింత బరువు వేస్తే ఇంకా వంగుతుంది. పైగా తన్నితే బరువు తగిలింది కాబట్టి పని బాగా జరుగుతోందన్న భ్రమ కలుగుతుంది. మానిటర్ చూపించే గాలి ఎదురు అంకె, అంటే డ్రాగ్ ఫ్యాక్టర్, 110, 120 మధ్య పెట్టుకుని నేర్చుకోవడం మంచిది.

తుంటి మీద ఎంత పడుతుందో ఒక అంచనా వేద్దాం. క్యాచ్ తర్వాత హ్యాండిల్ లాగుడు 60 కిలోలు ఉందనుకుందాం, ఆ లాగుడు గీత తుంటి కీలుకు 30 సెంటీమీటర్ల పైనుంచి పోతోందనుకుందాం. రెంటినీ గుణిస్తే 18 కిలోలు మీటరు దూరంలో వేలాడదీసినంత మెలిక. అది మొండేన్ని ముందుకు మడిచేస్తుంటుంది. దాన్ని ఎదిరించాల్సింది పిరుదుల కండరాలు, తొడ వెనక కండరాలు, వెన్ను పొడవునా ఉన్న కండరాలు. ఇవి ఈ దశలో హ్యాండిల్‌ను లాగవు, వంపు మారకుండా పట్టి ఉంచుతాయి, అంతే. కానీ ఆ పట్టు లేకపోతే తొడ ముందు కండరాలు చేసే పని హ్యాండిల్‌కు చేరదు. మీరు స్క్వాట్లు బాగా చేస్తారు అన్నారు, కాళ్లకు బలం ఉంది. ఉన్నందుకే తుంటి కన్నా ముందు పరిగెడుతున్నాయి.

మేఘన_ఆర్
నాది దీనికి పూర్తిగా వ్యతిరేకం అక్కా. నాకు సీటు జారదు, కానీ క్యాచ్‌లోనే మోచేతులు మడుస్తున్నానట. కాసేపటికే ముంజేతులు రాయిలా గట్టిపడి హ్యాండిల్ పట్టుకోలేకపోతున్నాను. నేను చేతులతో లాగితేనే హ్యాండిల్ కదిలినట్టు అనిపిస్తుంది, లేకపోతే ఖాళీగా ఉన్నట్టుంటుంది. మడిస్తే ఏమవుతుంది, ముందే లాగడం మంచిదే కదా?

సరళ_తెడ్డు
మేఘన, అది వ్యతిరేకం కాదు, అదే తప్పు వేరే కీలులో. చేయి నిటారుగా ఉన్నప్పుడు లాగుడు ఎముకల వెంట, కీళ్ల చుట్టూ ఉన్న కండర బంధాల వెంట నేరుగా పోతుంది, మోచేతి దగ్గర మెలిక ఉండదు. మడిచిన క్షణం నుంచి మోచేతిని మడిచి ఉంచే కండరాలే అంతా మోయాలి. ఒక్కో చేతికి 30 కిలోలు, ముంజేయి పొడవు పాతిక సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కో మోచేయి మీద ఏడున్నర కిలోలను మీటరు దూరంలో పట్టినంత మెలిక. చాలామందికి అది వాళ్ల గరిష్ఠ బలానికి దగ్గర్లోనే ఉంటుంది. అందుకని కాళ్లు గట్టిగా తన్నగానే మడిచిన చేయి మళ్లీ సాగుతుంది. సీటు వెళ్లింది, భుజం వెళ్లింది, హ్యాండిల్ వెనకబడింది. వంశీ గారిది తుంటి దగ్గర మింగబడింది, నీది మోచేతి దగ్గర. సాగకుండా ఉండాలంటే నువ్వు తెలియకుండానే కాళ్ల తన్నును తగ్గించుకుంటావు. చాలామందిలో జరిగేది ఇదే, చేతులు మోయగలిగినంతే కాళ్లు తంతాయి.

చివర్లో సంగతి వేరు. స్ట్రోక్ ముగింపుకు వచ్చేసరికి హ్యాండిల్ మీద బలం బాగా పడిపోయి ఉంటుంది, హ్యాండిల్ మాత్రం వేగంగా వస్తూ ఉంటుంది. తేలికైన, చురుకైన చేతులకు అది సరైన పని. హ్యాండిల్ మోకాళ్లు దాటేదాకా వేళ్లు కొక్కేల్లా పట్టి, మణికట్టు సాపుగా ఉంచి, భుజాలు చెవుల దగ్గరికి ఎక్కనివ్వకు. ఖాళీగా అనిపిస్తోంది అన్నావు చూడు, ఆ బరువు పాదాల కింద తెలియాలి, చేతుల్లో కాదు.

నాని_లిఫ్ట్స్
సరే ఆ డ్యాంపర్ మాట వదిలేద్దాం. 60, 20, 20 మాత్రం ఎక్కడ చూసినా అదే ఉంది.

లక్ష్మణరావు_నీటిమీద
నాని బాబూ, ఆ అంకెలు నేర్పేటప్పుడు కాళ్ల మీద ధ్యాస పెట్టించడానికి పనికొస్తాయి గానీ కొలిస్తే అలా రావు. రోయింగ్ పరిశోధకుడు వలేరీ క్లెష్నెవ్ రోయర్ల మీద సెన్సర్లు పెట్టి కొలిచిన లెక్కల్లో కాళ్ల వాటా సగానికి కాస్త తక్కువ, మొండెం వాటా మూడో వంతుకు దగ్గర, చేతుల వాటా ఐదో వంతు పైన. ఇది శక్తిలో వాటా, అంటే బలం, వేగం రెండూ కలిపి. అందరం తక్కువ అంచనా వేసేది నడుముని. కాళ్లు మొదట్లో, హ్యాండిల్ ఇంకా నెమ్మదిగా ఉన్నప్పుడు పెద్ద బలాన్ని ఇస్తాయి. నడుము మధ్యలో, హ్యాండిల్ వేగం అందుకున్నాక పని చేస్తుంది.

మూడు మెట్లు అన్నావే, నాకు అసలు అభ్యంతరం అక్కడ. పడవలో ఎవరూ అలా లాగరు. కాళ్లు పూర్తిగా చాపి, ఆగి, నడుము తెరిచి, ఆగి, చేతులు లాగితే ప్రతి ఆగినచోటా తెడ్డు నీళ్లలో తేలిపోతుంది.

సరళ_తెడ్డు
లక్ష్మణరావు గారు చెప్పింది వంశీ గారి రెండో గుట్టకు సరిగ్గా వర్తిస్తుంది. ఎర్గ్‌లో చైన్ చక్రాన్ని పట్టుకునేది హ్యాండిల్ వేగం చక్రం వేగాన్ని అందుకున్నప్పుడే. తన్నే దశ, అంటే డ్రైవ్ మధ్యలో చక్రానికి హ్యాండిల్ సెకనుకు 1.4 మీటర్ల వేగంతో రావాలి అనుకుందాం. కాళ్లు చివరి మూడో వంతులో సహజంగానే నెమ్మదిస్తాయి, మోకాలు చాపుకుంటున్న కొద్దీ సీటు వేగం 1 మీటరుకు, ఇంకా కిందికి పడిపోతుంది. ఆ లోటును నడుము అప్పటికే పూడుస్తూ ఉండాలి. కాళ్లు ఆగాక నడుము మొదలైతే మధ్యలో హ్యాండిల్ వేగం పడిపోతుంది, చక్రం దాటి వెళ్లిపోతుంది, లాగడానికి ఏమీ తగలదు. కర్వ్‌లో పల్లం అదే. తర్వాత నడుము మొదటి నుంచి మళ్లీ అందుకోవాలి, అది రెండో గుట్ట.

కాబట్టి వరుస అంటే మొదలయ్యే క్రమం, ముగిసే క్రమం కాదు. కాళ్లు సగం దారిలో ఉండగా మొండెం తెరుచుకోవడం మొదలవుతుంది, కాళ్లు ముగియబోతుండగా మొండెం వేగంగా ఉంటుంది, మొండెం ముగియబోతుండగా చేతులు అందుకుంటాయి.

ఇంకొక విషయం. మొండెం తెరుచుకోవడంలో కొంత పని కాళ్లే చేసిపెడతాయి. తొడ వెనక కండరాలు మోకాలినీ తుంటినీ రెంటినీ దాటి పోతాయి. అవి బిగువుగా ఉండి మోకాలు చాపుకుంటే కటి ఎముకను వెనక్కి లాగుతాయి, మొండెం లేస్తుంది. పట్టు ఉన్నవాళ్లకు నడుమును విడిగా ఊపాల్సిన అవసరం పెద్దగా తెలియదు, కాళ్ల తన్నులోంచే అది వచ్చినట్టు ఉంటుంది.

వంశీ_కె
ఇప్పుడు రెండు గుట్టలు ఎందుకో తెలిసింది. మొదట్లో 13 డిగ్రీలు ఎక్కువ వంగిపోయాను కాబట్టి కాళ్లు అయిపోయేసరికి నడుము ఇంకా కిందే ఉంటోంది, ఆ మొత్తం దూరం అది ఒక్కటే లాగాలి. వారాంతానికి నడుము కింది భాగం పట్టేసినట్టు ఉండటానికి కారణం కూడా ఇదేనా? ఇంకోటి, ఈ 10 సెంటీమీటర్ల వల్ల నాకు స్ప్లిట్‌లో, అంటే 500 మీటర్ల టైములో ఎంత పోతోందో లెక్క కట్టొచ్చా?

కిరణ్_ఫిజిక్స్
కట్టొచ్చు. ఎర్గ్ మానిటర్ వేగాన్ని వాట్లలోకి మార్చే సూత్రం ఇది, pace అంటే ఒక మీటరుకు పట్టే సెకన్లు:

```
watts = 2.80 / pace^3
```

2:10 అంటే 130 సెకన్లు, 500తో భాగిస్తే 0.26. వాట్లు 159 వస్తాయి. నిమిషానికి 20 స్ట్రోకులంటే ఒక్కో స్ట్రోకుకు 3 సెకన్లు, కాబట్టి స్ట్రోకుకు 478 జౌళ్లు. హ్యాండిల్ ప్రయాణం 1.35 మీటర్లు అనుకుంటే సగటు బలం 354 న్యూటన్లు, అంటే 36 కిలోలు. ఇప్పుడు అదే సగటు బలంతో 10 సెంటీమీటర్లు వృథా చేసి 1.25 మీటర్లే లాగావనుకో, స్ట్రోకుకు 442 జౌళ్లు, 147 వాట్లు, తిప్పి లెక్కేస్తే 500 మీటర్లకు 2:13 పైచిలుకు. నువ్వు చెప్పిన అంకెకు చాలా దగ్గరగా ఉంది.

కానీ దీన్ని గరిష్ఠ నష్టం అనుకో. స్ట్రోక్ మొదటి కొన్ని సెంటీమీటర్లలో బాగా లాగేవాళ్లకు కూడా బలం ఇంకా పెరుగుతూ ఉంటుంది, సగటు అంత ఉండదు. పైగా సీటు జారినప్పుడు హ్యాండిల్ దూరం నిజంగా తగ్గదు, ఆ దూరాన్ని తర్వాత నడుము లాగుతుంది. తగ్గేది కాళ్లు పని చేసే దూరం. అందుకని నష్టం మొత్తం ఈ ఒక్క తప్పుదే అని ఈ లెక్కతో రుజువు కాదు, 2:13కి ఊపిరి, ఓపిక లాంటి వేరే కారణాలూ ఉండొచ్చు.

సరళ_తెడ్డు
కిరణ్ గారి చివరి మాట ముఖ్యం. నేను ఇంకోటి కలుపుతాను. సీటు జారినవాళ్లు స్ప్లిట్ కాపాడుకోవడానికి చివర్లో నడుమును విసురుతారు, అప్పుడు అంకె పెద్దగా మారదు, పని మాత్రం కాళ్ల నుంచి నడుముకు బదిలీ అవుతుంది. వంశీ గారూ, మీ నడుము పట్టేయడానికి అది కారణం కావడం చాలా సాధ్యం, కానీ వీడియో చూడకుండా, మిమ్మల్ని పరీక్షించకుండా ఖాయంగా చెప్పలేను. నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరి వచ్చినా ఎర్గ్ ఆపి డాక్టర్‌కు చూపించుకోండి.

ఇక సరిదిద్దుకోవడం. తప్పు క్యాచ్ దగ్గర కనిపిస్తుంది గానీ చాలాసార్లు దాని వేరు రికవరీలో ఉంటుంది. ముందుకు వచ్చేటప్పుడు చేతులు ముందు చాపాలి, తర్వాత తుంటి దగ్గర మొండెం ముందుకు వాలాలి, ఆ తర్వాతే మోకాళ్లు లేవాలి. మొండెం వాలకుండానే మోకాళ్లు లేచాయనుకోండి, ఆఖరి క్షణంలో ఇంకా అందుకోవాలని భుజాలు ముందుకు పడతాయి, మడమలు బాగా లేచిపోతాయి, మోకాలి కింది కాలు నిట్టనిలువు దాటి ముందుకు వాలిపోతుంది. ఆ భంగిమలో తుంటి కండరాలు ఏ పట్టూ లేకుండా సాగి ఉంటాయి. అక్కడి నుంచి తంతే సీటు జారక మానదు. కాబట్టి రికవరీలో చేతులు చాపి, మొండెం వాల్చి, మోకాళ్లు లేవకముందు ఒక్క క్షణం ఆగండి. అక్కడ ఏ వంపు ఉందో క్యాచ్ దాకా అదే వంపు తీసుకురండి, ఇంకా అందుకోవాలని చూడొద్దు.

రెండోది, కాళ్లు మాత్రమే లాగడం. చేతులు నిటారుగా, మొండెం ముందుకు వాలి ఉన్నట్టే ఉంచి సగం దూరం తన్ని మళ్లీ ముందుకు రండి. బలం తక్కువ, రేటు తక్కువ. సీటు 15 వస్తే హ్యాండిల్ 15 రావాలి, మీ దగ్గర టేపు ఉంది కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు. కాస్త గట్టిగా తన్నగానే తేడా మళ్లీ కనిపిస్తే, మీ తుంటి పట్టు ప్రస్తుతానికి అంతవరకే ఆగుతోందన్నమాట. ఆ హద్దుకు కొంచెం కింద ఎక్కువగా చేసి మెల్లగా పెంచుకోండి.

లక్ష్మణరావు_నీటిమీద
ఇదంతా పడవలో ఇంకా కఠినంగా తెలుస్తుంది. ఎర్గ్‌లో జారితే మీ శ్రమే వృథా. పడవలో తెడ్డు నీళ్లను పట్టకముందు పాదాలతో తంతే ఆ తన్ను పడవ మీద పడుతుంది, అంటే మీరు వెళ్లాల్సిన దిక్కుకు వ్యతిరేకంగా పడవను తోస్తున్నారు. అసలే క్యాచ్ దగ్గర పడవ వేగం తక్కువగా ఉంటుంది, దాన్ని ఇంకా తగ్గిస్తారు. పడవ అడుగున నీటి చప్పుడు ఒక్కసారి ఆగినట్టు ఉంటే అదే.

నాకు సరళ గారితో ఒక తేడా ఉంది. మొండేన్ని మొదట్లో పట్టి ఉంచి కాళ్లు సగం వచ్చాక తెరవమంటున్నారు. అది ఒక్కటే పద్ధతి కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా ఎనిమిది మంది పడవ అలెన్ రోజెన్‌బర్గ్ శిక్షణలో గెలిచింది, ఆయన పేరుమీద నడిచే పద్ధతిలో కాళ్లు, తర్వాత మొండెం అని వరుస స్పష్టంగా ఉంటుంది. కార్ల్ ఆడమ్ దగ్గర తయారైన జర్మన్ ఎనిమిది మంది పడవలు 1960లోనూ 1968లోనూ గెలిచాయి, ఆయన పేరుతో పిలిచే పద్ధతిలో కాళ్లూ మొండెం దాదాపు కలిసే కదులుతాయి. రెండూ ఒలింపిక్ స్వర్ణం తెచ్చాయి. నేను రెండో తరహా వాడిని, తెడ్డు నీళ్లు పట్టగానే మొండెం కూడా మెల్లగా తెరుచుకోవడం మొదలుపెడతాను. కర్వ్ గుండ్రంగా వస్తుంది, పల్లం ఉండదు.

సరళ_తెడ్డు
ఒప్పుకుంటాను లక్ష్మణరావు గారూ, మంచి రోయర్లలో రెండు రకాలూ ఉన్నారు. కలిపి లాగితే బలం త్వరగా ఎక్కుతుందని మీరంటారు, విడివిడిగా మొదలుపెడితే స్ట్రోక్ పొడవునా బలం నిలుస్తుందని నేనంటాను, రెంటికీ ఆధారాలున్నాయి. నా అభ్యంతరం వంశీ గారి వరకే. తుంటి పట్టు లేని మనిషికి మొండెం వెంటనే తెరవమని చెబితే ముందు భుజాలు పైకి విసురుతాడు, కాళ్లు వెనకబడతాయి, చివరికి నడుముతో మొదలుపెట్టే అలవాటు పడుతుంది. ముందు పట్టి ఉంచడం వస్తే ఎప్పుడు తెరవాలన్నది తర్వాత మార్చుకోవచ్చు.

లక్ష్మణరావు_నీటిమీద
నేర్చుకునేవాళ్ల వరకు మీ మాటే కానివ్వండి. కానీ మొండెం కదలొద్దు కదలొద్దు అని బాగా అలవాటు చేస్తే బిగుసుకుపోయి, తర్వాత ఎంత చెప్పినా విడిపోనివాళ్లను కూడా చూశాను. ఎక్కడ ఆపాలో చూసుకుంటూ చేయించాలి.

నాని_లిఫ్ట్స్
ఇవాళ వంశీ చెప్పినట్టు టేపు పెట్టి నేనూ చూశాను. డ్యాంపర్ 10లో నాకు సీటు 15కి హ్యాండిల్ 11 వస్తోంది, 4లో 14 వస్తోంది. డెడ్‌లిఫ్ట్‌లో తుంటి ముందే లేవడం కూడా ఇదే కదా సరళ గారూ, బార్ నేల మీదే ఉండగా పిరుదులు లేచిపోవడం?

సరళ_తెడ్డు
అవును నాని గారూ, అక్కడ మీ పోలిక సరిగ్గా సరిపోయింది. ఒక తేడా గుర్తుంచుకోండి, బార్ బరువు మారదు, ఎర్గ్‌లో మీరు ఎంత వేగంగా లాగితే అంత ఎదురొస్తుంది. అందుకే తుంటి పట్టు ఉందో లేదో తెలిసేది నెమ్మదిగా చేసినప్పుడు కాదు, గట్టిగా తన్నినప్పుడు.

మేఘన_ఆర్
అక్కా, చేతులు నిటారుగా పెట్టి కాళ్లు మాత్రమే లాగుతూ చేశాను. ముంజేతుల నొప్పి తగ్గింది. కానీ చేతులు మొదలయ్యేసరికి ఆలస్యమై హ్యాండిల్ కడుపు దాకా రాకముందే స్ట్రోక్ అయిపోతోంది.

సరళ_తెడ్డు
కాళ్లు పూర్తిగా ముగిసేదాకా ఎదురుచూస్తున్నట్టున్నావు. హ్యాండిల్ మోకాళ్లు దాటగానే మోచేతులను వెనక్కి పంపడం మొదలుపెట్టు, అప్పటికి మొండెం ఇంకా తెరుచుకుంటూనే ఉండాలి. పాదాల పట్టీలు విప్పి ఒకసారి చేసి చూడు. చివర్లో పాదాలు ఫుట్‌ప్లేట్ మీంచి లేచిపోతే మొండెం విసురు చేతుల కన్నా ఎక్కువైందన్నమాట, లేవకుండా కడుపు దాకా వస్తే కలవడం కుదిరినట్టే.

వంశీ_కె
అప్‌డేట్. మోకాళ్ల ముందు ఆగే పద్ధతితోనే తేడా 10 నుంచి 4 సెంటీమీటర్లకు వచ్చింది, తక్కువ బలంతో. 2:13 వేగంలో చూస్తే 6 ఉంది. వీడియోలో చూస్తే తుంటి దగ్గర వంపు ఇప్పుడు బాగానే నిలుస్తోంది, మిగిలిన తేడా భుజాలు సాగడం వల్లే వస్తున్నట్టుంది. కర్వ్‌లో పల్లం తగ్గింది, పూర్తిగా పోలేదు. స్ప్లిట్ 2:12, అంటే కిరణ్ గారు చెప్పిన 2:10 ఇంకా రాలేదు. భుజాలు కూడా గట్టిగా పట్టి ఉంచాలా?

సరళ_తెడ్డు
భుజాలు కొంత సాగడం సహజం, దాన్ని సున్నాకు తేవాలని చూడకండి, చూస్తే మెడ పట్టేస్తుంది. తన్నడం మొదలుపెట్టే ముందే చంకల వెనక కండరాలను కొంచెం బిగించి భుజాలను కిందికి పెట్టండి, సాగాల్సింది ముందే సాగి ఉంటుంది, తన్ను మొదలయ్యాక సాగదు. ఆ 4 సెంటీమీటర్లు 2కు వస్తే చాలు. పల్లం మాత్రం ఇంకొంత కాలం ఉంటుంది, కాళ్లు సగానికి వచ్చేసరికి మొండెం కదిలిందా లేదా అని వీడియోలో మీ టేపు మీదే చూసుకోండి, సీటు 30 సెంటీమీటర్ల గుర్తు దాటేసరికి భుజాలు సీటు కన్నా వేగంగా వెనక్కి పోతూ ఉండాలి.

కిరణ్_ఫిజిక్స్
2:12 గురించి ఒక మాట. వాట్లు వేగం ఘనానికి తగ్గట్టు మారతాయి కాబట్టి 2:13 నుంచి 2:12కి రావడానికే మూడున్నర వాట్లు పెరగాలి. ఇంకో రెండు సెకన్లకు మరో ఏడు కావాలి. అదంతా ఈ 4 సెంటీమీటర్లలోనే దొరుకుతుందని నేనైతే అనుకోను. ఫోర్స్ కర్వ్ కింద వైశాల్యం పెరుగుతోందా, లేక ఆకారం మాత్రమే మారుతోందా అన్నది చూసి ఇక్కడ పెట్టు.